మత్తు మందు 11 గంటలకు గానీ సగం పోదట, మా తమ్ముడు 10 నిమిషాల్లో ఎలా లేచాడు?

చీమకుర్తి_రాయి
మొన్న సోమవారం క్వారీలో మా తమ్ముడు కాలు జారి పడితే భుజం కీలు తప్పింది. ఒంగోలులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. మత్తిచ్చి కీలు సరిచేస్తామన్నారు. ఉదయం పదింటికి చేతి నరానికి సూది వేశారు. వాడు "అన్నా, నోట్లో వెల్లుల్లి వాసనొస్తోంది" అన్నాడు, అంతే, మాట పూర్తయ్యేలోపు కళ్లు మూసుకున్నాడు. భుజం లాగి సరిచేశారు. పది నిమిషాలయిందో లేదో "అయిపోయిందా?" అని వాడే అడిగాడు.

కాగితం మీద థయోపెంటోన్ 300 మి.గ్రా. అని రాశారు. వాడి బరువు 60 కిలోలు. మందుల షాపులో పనిచేసే మా బావమరిది ఆ మందు గురించి చదివి, దాని హాఫ్ లైఫ్ 11 గంటలని చెప్పాడు. అంటే రాత్రి తొమ్మిదింటికి గానీ సగం పోకూడదు కదా. మరి పది నిమిషాల్లో ఎలా లేచాడు? తక్కువ ఇచ్చి 300 అని రాశారా అని నాకు అనుమానం. పైగా రేపటిదాకా బండి ముట్టుకోవద్దన్నారు. మందు పనైపోయి లేచి కూర్చున్నవాడికి ఈ ఆంక్ష ఏంటి? ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సింగరాయకొండ_సుబ్బు
వయసులో ఉన్నవాడు, లివర్ గట్టిది. పది నిమిషాల్లో మందును విరగ్గొట్టేసి ఉంటుంది. పుస్తకంలో రాసే 11 గంటలు ముసలివాళ్ల లెక్క అయి ఉంటుంది.

ఫార్మసీ_మూడో_ఏడు
సుబ్బు అన్నా, అది కాదు. థయోపెంటోన్‌ను లివర్ చాలా నిదానంగా విరగ్గొడుతుంది. లివర్‌లోకి వచ్చిన రక్తంలో ఉన్న మందులో ఏడో వంతు కూడా ఒక్క విడతలో పట్టుకోలేదు. అసలు కారణం కొవ్వు. ఈ మందుకి కొవ్వంటే ఇష్టం. మెదడులోంచి కొవ్వులోకి వెళ్లిపోతుంది, మనిషి లేస్తాడు. మాకు పోయిన సెమిస్టర్‌లోనే చెప్పారు.

మైపాడు_అల
నాకు రెండో కాన్పులో నడుముకి సూది వేశారు. మూడు గంటలు కాళ్లు కదల్లేదు. మీ తమ్ముడికి పది నిమిషాలే అంటే మందు సరిగ్గా పడలేదేమో.

చీమకుర్తి_రాయి
అక్కా, మావాడికి నడుముకి కాదు, చేతి నరానికి. పూర్తిగా నిద్రపోయాడు.

నెల్లూరు_మత్తుడాక్టర్
నడుముకి వేసే సూది మందు వేసిన చోటే నరాలను పట్టుకుని ఉంటుంది, దాని కథ వేరు. ఇది రక్తంలో తిరిగే మందు.

ముందు మీ అనుమానం తీరుస్తాను. 60 కిలోల మనిషికి 300 అంటే కిలోకి 5 మి.గ్రా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు మేం కిలోకి 3 నుంచి 5 ఇస్తాం. పసుపు పొడిని నీళ్లలో కలిపి, మి.లీ.కి 25 మి.గ్రా. వచ్చేలా చేసుకుంటాం. మీవాడికి 12 మి.లీ. పడి ఉంటుంది. అర నిమిషంలో నిద్రపోయాడంటే, వెల్లుల్లి వాసన కూడా చెప్పాడంటే, మందు సరిగ్గానే పడింది. తక్కువ ఇచ్చి ఉంటే భుజం లాగినప్పుడు కేక పెట్టేవాడు. ఆ మోతాదుకి పది నిమిషాల్లో లేవడం మేం రోజూ చూసేదే.

మీ బావమరిది చెప్పిన 11 గంటలూ నిజమే. మీవాడు లేచిన నిమిషానికి 300లో దాదాపు 285 మి.గ్రా. ఇంకా వాడి ఒంట్లోనే ఉంది. మందు ఒళ్లు వదిలిపోలేదు, మెదడును మాత్రమే వదిలింది.

మెదడు మన బరువులో యాభయ్యో వంతే. కానీ గుండె కొట్టే రక్తంలో ఏడో వంతు దానికే పోతుంది. అందుకే నరంలో వేసిన మందు మొదటి తిరుగుడులోనే మెదడుకి చేరి నింపేస్తుంది. ఒంట్లో సగం బరువుండే కండలకు కూడా రక్తం వెళ్తుంది కానీ, వాటి బరువుకి తగ్గంత కాదు. అవి నిదానంగా తాగుతాయి, చాలా తాగుతాయి. కండలు తాగే కొద్దీ రక్తంలో మందు పలుచబడుతుంది. రక్తంలో పలుచబడగానే మెదడులోని మందు వెనక్కి రక్తంలోకి దిగుతుంది. అక్కడినుంచి మళ్లీ కండలకి. ఈ దిగిపోవడమే మెలకువ.

ఫార్మసీ తమ్ముడూ, కొవ్వు అని నువ్వు చెప్పింది సగం నిజం. 1952 ప్రాంతంలో బ్రాడీ అనే శాస్త్రవేత్త కూడా అలాగే అనుకున్నారు. 1960లో ప్రైస్ లెక్క కట్టి చూపించారు. కొవ్వుకి అందే రక్తం చాలా తక్కువ, పది నిమిషాల్లో అది తాగగలిగేది కొంచెమే. మనిషిని లేపేది ముందు కండలే. కొవ్వు నిండడానికి గంటలు పడుతుంది. అది తర్వాత కథలోకి వస్తుంది.

ఫార్మసీ_మూడో_ఏడు
మరి కొవ్వులో బాగా కరుగుతుందన్నది తప్పా మేడమ్?

నెల్లూరు_మత్తుడాక్టర్
తప్పు కాదు. ఎంత కరుగుతుందన్నది ఒక సంగతి, అక్కడిదాకా రక్తం ఎంత వేగంగా మోసుకెళ్తుందన్నది ఇంకో సంగతి. పెద్ద గోడౌన్ ఉంది, దారి మాత్రం ఎడ్లబండి పట్టేంతే. మొదటి పది నిమిషాల్లో దారిదే పెత్తనం.

చెరువుగట్టు
డాక్టరమ్మా, మాది ఇందుకూరుపేట, రొయ్యల చెరువులు. మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, తప్పైతే దిద్దండి.

ఒక చిన్న నర్సరీ చెరువు. దాని పక్కనే గట్టు అవతల నాలుగింతల పెద్ద చెరువు, ఎండిపోయి ఉంది. మధ్యలో వెడల్పాటి తూము. నర్సరీ చెరువుకి ఇంకోవైపు, నీళ్లు బయటికి పోవడానికి సన్నటి గొట్టం. మోటారుతో గబగబా నర్సరీ చెరువు నింపాం. నీటిమట్టం సర్రున పెరుగుతుంది, తర్వాత తూములోంచి పెద్ద చెరువులోకి పోయి అంతే వేగంగా దిగుతుంది. గట్టు మీద నిలబడి నర్సరీ చెరువు ఒక్కటే చూసేవాడు నీళ్లన్నీ పోయాయంటాడు. గొట్టంలోంచి పోయింది మాత్రం నాలుగు బిందెలే.

నర్సరీ చెరువు అంటే రక్తం, మెదడు. పెద్ద చెరువు కండలు. గొట్టం లివర్. అంతేనా?

నెల్లూరు_మత్తుడాక్టర్
అంతే. నేను జూనియర్లకి చెప్పేదానికన్నా బాగుంది. మీ చెరువుల మీదే లెక్క వేద్దాం. ఇవి చీమకుర్తి తమ్ముడి రక్తం తీసి కొలిచినవి కావు, 60 కిలోల మనిషికి దగ్గరగా ఉండే గుండ్రటి అంకెలు.

చిన్న చెరువు 30 లీటర్లు, పెద్ద చెరువు 120 లీటర్లు అనుకోండి. 300 మి.గ్రా. మందు చిన్న చెరువులో పడగానే లీటరుకి 10 మి.గ్రా. మట్టం. లీటరుకి 5 కిందికి దిగితే మెలకువ వస్తుందనుకుందాం. తూము వెడల్పు ఎంతంటే, రెండు చెరువుల మట్టాల మధ్య తేడా ఏడు నిమిషాలకోసారి సగానికి తగ్గుతుంది. పది నిమిషాలకు చిన్న చెరువు మట్టం 5కి చేరుతుంది. లేచాడు.

గొట్టం సంగతి చూద్దాం. థయోపెంటోన్‌కి లివర్ నిమిషానికి సుమారు 0.2 లీటరు రక్తాన్ని శుభ్రం చేస్తుంది. ఆ పది నిమిషాల్లో సగటు మట్టం 7 అనుకుంటే 7 × 0.2 × 10, అంటే 14 మి.గ్రా. బయటికి పోయింది. మిగిలిన 286 ఒంట్లోనే ఉంది. మెలకువకి కారణం ఆ 14 కాదు, తూము.

రెండు చెరువులూ సమానమయ్యాక మట్టం లీటరుకి 2. అక్కడినుంచి సన్నగొట్టమే దిక్కు. నా గుండ్రటి అంకెల్లో అది సగం అవడానికి 8, 9 గంటలు పడుతుంది. నిజం మనిషిలో కొవ్వు అనే మూడో చెరువు కూడా ఉంది కాబట్టి 11 గంటల దాకా సాగుతుంది. మీ బావమరిది చదివిన అంకె ఈ చివరి నిదానపు దిగుడుది. మీవాడు లేచింది మొదటి వేగపు దిగుడులో. మందు ఒకటే, దిగుళ్లు రెండు.

చీమకుర్తి_రాయి
286 ఒంట్లో ఉండగా లేచి నాతో మాట్లాడాడా! ఆసుపత్రి వాళ్ల మీద అనుమానం పెట్టుకున్నందుకు బాధగా ఉంది.

చెరువుగట్టు
నాకు ఇంకో ఆలోచన వచ్చింది. మొదటిసారి పెద్ద చెరువు ఎండిపోయి ఉంది కాబట్టి నీళ్లన్నీ లాగేసింది. భుజం సరిగ్గా కూర్చోలేదని ఇంకోసారి అంతే మందు వేశారనుకోండి. అప్పటికి పెద్ద చెరువులో నీళ్లున్నాయి కదా. తూము అంత లాగదు కదా?

నెల్లూరు_మత్తుడాక్టర్
అసలు ప్రశ్న ఇదే. థయోపెంటోన్‌ను పదే పదే ఎందుకు వేయకూడదో ఇందులోనే ఉంది. అవే చెరువులు, అదే మనిషి, గంట తర్వాత మళ్లీ 300 వేద్దాం.

ఈ గంటలో లివర్ మొత్తం 36 దాకా తీసేసి ఉంటుంది. 264 మిగిలింది, రెండు చెరువుల్లోనూ మట్టం 1.8 దగ్గర. కొత్త 300 పడగానే చిన్న చెరువు 11.8కి ఎగురుతుంది. మొత్తం 564ను 150 లీటర్లలో సర్దితే మట్టం 3.8. అంటే ఈసారి తూము 2 దాకా దించలేదు, 3.8 దాకానే దించగలదు. 5 దాటి కిందికి రావడానికి 18 నిమిషాలు పడుతుంది. అదే మోతాదు, నిద్ర మాత్రం దాదాపు రెట్టింపు.

ఇంకో గంట ఆగి మూడోసారి 300 వేద్దాం. అప్పటికి ఒంట్లో 510 ఉంటుంది, కొత్తదానితో 810. రెండు చెరువులూ సమానమైనా మట్టం 5.4. మెలకువ గీత 5. చూశారా? ఇప్పుడు తూము ఎంత వెడల్పుగా ఉన్నా లాభం లేదు, సమానమైన మట్టమే గీతకు పైన ఉంది. 5.4 నుంచి 5కి దించాల్సింది సన్నగొట్టమే. దానికి గంట పడుతుంది.

పది నిమిషాలు, పద్దెనిమిది నిమిషాలు, గంట. మందు మారలేదు, లివర్ మారలేదు. పెద్ద చెరువు నిండింది, అంతే.

ఫార్మసీ_మూడో_ఏడు
మేడమ్ చెప్పినవి కాలిక్యులేటర్‌లో పెట్టి చూశాను. మొదటి డోసుకి ఇది సరిపోతోంది, t నిమిషాల్లో:

```
C = 8*exp(-0.098*t) + 2*exp(-0.0013*t)
```

t = 10 పెడితే 4.98 వచ్చింది. మూడో డోసుకి 2 బదులు 5.4 పెట్టాను, t = 60 దగ్గర 5.02. మాకు క్లాసులో ఆల్ఫా, బీటా అని గ్రాఫ్ గీయించారు. ఒకటి నిటారుగా దిగే గీత, ఇంకొకటి వాలుగా పోయే గీత. మార్కుల కోసం గీశాను గానీ, మొదటి గీత తూము, రెండోది గొట్టం అని ఇప్పుడే తెలిసింది.

నెల్లూరు_మత్తుడాక్టర్
చిన్న సవరణ. రెండో గీత పూర్తిగా గొట్టం కాదు. రక్తంలో మట్టం దిగుతుంటే పెద్ద చెరువు వెనక్కి పోస్తూనే ఉంటుంది. కండల్లోని మందు తిరిగి రక్తంలోకి వచ్చి, అప్పుడు లివర్‌కి చేరాలి. గొట్టం ఉన్నది చిన్న చెరువుకే అని చెరువుగట్టుగారు మొదటే చెప్పారు, అది గుర్తుపెట్టుకో.

సింగరాయకొండ_సుబ్బు
నా లివర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒకటి. నాకు పోయినేడు పెద్దపేగు పరీక్షకి తెల్లగా పాలలా ఉండే మందు వేశారు. మధ్యలో మూడు నాలుగుసార్లు ఎక్కించారని చెప్పారు. అయినా పరీక్ష అయ్యాక అయిదు నిమిషాల్లో లేచాను. చెరువు నిండే లెక్క ప్రకారం నేను ఆలస్యంగా లేవాలి కదా?

నెల్లూరు_మత్తుడాక్టర్
సుబ్బుగారూ, మీకు వేసింది ప్రొపోఫోల్ అయి ఉంటుంది. దానికి మీ లివర్ మాట చాలావరకు సరిపోతుంది! ఒక్క డోసు వేస్తే అదీ ముందు తూము వల్లే మెదడు వదులుతుంది. తేడా గొట్టంలో ఉంది. థయోపెంటోన్‌కి నిమిషానికి 0.2 లీటరు అన్నాను కదా, ప్రొపోఫోల్‌కి అదే మనిషిలో 1.5 లీటర్ల దాకా ఉంటుంది. లివర్‌కి వచ్చే రక్తం మొత్తం అంతే, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా కొలిచారు, అంటే లివర్ బయట కూడా కొంత పోతోంది. గొట్టం ఏడింతలు లావుగా ఉంటే పెద్ద చెరువు వెనక్కి పోసినా మట్టం పెరగదు. అందుకే దాన్ని గంటల తరబడి ఎక్కిస్తాం, థయోపెంటోన్‌ను అలా ఎక్కించం.

ఇక్కడే హాఫ్ లైఫ్ అనే అంకె జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ప్రొపోఫోల్ చివరి హాఫ్ లైఫ్ కూడా గంటల్లోనే ఉంటుంది, చాలాసేపు ఎక్కిస్తే రోజు దాటుతుంది. ఆ ఒక్క అంకె చూస్తే రెండు మందులూ ఒకటే అనిపిస్తాయి. ఎక్కించడం ఆపాక రక్తంలో మట్టం సగమవడానికి ఎంతసేపు పడుతుంది, అది ఎంతసేపు ఎక్కించామన్న దాన్నిబట్టి ఎలా మారుతుంది అన్నది చూడాలి. 1992లో హ్యూస్, గ్లాస్, జేకబ్స్ దీన్ని లెక్కగట్టి చూపించారు.

పొదిలి_పద్మ
మా నాన్నకి 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌కి ముందు మీరు చెప్పే పసుపు మందే వేశారు. 150 మాత్రమే వేశామని డాక్టరు చెప్పారు. చీమకుర్తి తమ్ముడికి వేసినదాంట్లో సగం. అయినా బీపీ పడిపోయింది, టెన్షన్ పడ్డారు అందరూ. తక్కువ వేస్తే తక్కువ పనిచేయాలి కదా? ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

నెల్లూరు_మత్తుడాక్టర్
పద్మగారూ, వేసినవారు జాగ్రత్తగానే తగ్గించారు. నాన్నగారి వయసులో గుండె కొట్టే రక్తం తగ్గుతుంది, ఎముక విరిగినప్పుడు రక్తం పోయి ఇంకా తగ్గుతుంది. ఉన్న రక్తాన్ని ఒళ్లు ముందు మెదడుకీ గుండెకీ దాచిపెడుతుంది, కండలకి కోత పెడుతుంది. అంటే తూము ఇరుకైంది. వేసిన మందు చిన్న చెరువులోనే ఎక్కువసేపు, ఎక్కువ మట్టంలో నిలుస్తుంది. మెదడుతోపాటు గుండె కూడా ఆ చెరువులోనే ఉంది. బీపీ పడింది అందుకే.

అలాంటివారికి మేం ఇంకో జాగ్రత్త తీసుకుంటాం. రక్తం నిదానంగా తిరుగుతోంది కాబట్టి మందు మెదడుకి చేరడానికే ఆలస్యమవుతుంది. నిద్ర రాలేదని తొందరపడి ఇంకో రెండు మి.లీ. తోస్తే, వెనక నుంచి రెండూ కలిసి వచ్చి పడతాయి. కొంచెం వేసి, ఆగి, చూసి మళ్లీ వేయాలి.

పొదిలి_పద్మ
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ. ఆ రోజు బయట కూర్చుని ఆ డాక్టరుగారిని మనసులో చాలా అనుకున్నాను.

చీమకుర్తి_రాయి
డాక్టరుగారూ, బండి సంగతి మిగిలింది. ఆరోజు సాయంత్రం నాలుగింటికి నేను పడుకున్నప్పుడు మావాడు ఒంటిచేత్తో బండి తీశాడు. చీమకుర్తి సెంటర్ దాకా పోయి వచ్చాడు. ఏమీ కాలేదు. మట్టం 2 కిందికి దిగాక, గీత 5 అయితే, ఇంకా భయం దేనికి?

చెరువుగట్టు
ముందు ఒంటిచేత్తో బండి నడిపినందుకు వాడి తాళం లాక్కో తమ్ముడూ.

నెల్లూరు_మత్తుడాక్టర్
నాలుగింటికి, అంటే ఆరు గంటలకు, నా చెరువుల లెక్క ప్రకారం 180 మి.గ్రా. ఇంకా వాడి ఒంట్లో ఉంది. మట్టం 1.2. నేను 5 దగ్గర గీసిన గీత పిలిస్తే కళ్లు తెరిచే గీత. ఎదురుగా లారీ వస్తే ఎంత త్వరగా బ్రేక్ వేస్తాడన్నదానికి గీత ఇంకా చాలా కింద ఉంటుంది. ఈ రెండూ ఒకటని అనుకోవడమే ప్రమాదం.

లేచాక మేం గమనించేది కూడా ఇదే. పేరు పిలిస్తే సమాధానం చెబుతాడు, వదిలేస్తే రెండు నిమిషాల్లో మళ్లీ కునుకు. మాట్లాడించేవాళ్లు లేకపోతే నిద్రలోకి జారుతున్నాడంటే మట్టం గీతకి దగ్గర్లోనే ఆడుతోందని. అలాంటివాడికి నొప్పి సూది ఇచ్చినా, ఇంటికెళ్లి ఒక పెగ్గు వేసుకున్నా, మిగిలిన మందుకి అది తోడవుతుంది.

కొత్తపట్నం_స్టీరింగ్
ముప్పై ఏళ్లు లారీ నడిపాను. 24 గంటలు అని అందరికీ ఒకటే చెప్పడం నాకు నచ్చదు. సుబ్బుకి వేసిన తెల్ల మందుకీ, ఈ పసుపు మందుకీ గొట్టం ఏడింతలు తేడా అని మీరే అన్నారు. అప్పుడు గంటలు కూడా వేరుగా ఉండాలి కదా మేడమ్? రోజు కూలి మీద బతికే డ్రైవర్‌కి ఒక రోజంటే చిన్న విషయం కాదు.

నెల్లూరు_మత్తుడాక్టర్
మీ మాటలో న్యాయం ఉంది. మందులు మార్చినా 24 గంటలే చెబుతాం. ప్రొపోఫోల్ ఒక్కటే కొద్దిగా ఇచ్చిన రోజు అంతసేపు అక్కర్లేదని వాదించే మత్తు డాక్టర్లు కూడా ఉన్నారు. కానీ చాలాసార్లు అదొక్కటే ఇవ్వం, పక్కన నొప్పి మందు, ఆందోళన తగ్గించే మందు ఉంటాయి. వాటికీ సొంత చెరువులున్నాయి. థయోపెంటోన్ అయితే మాత్రం నేను గంట కూడా తగ్గించను. మరునాడు ఉదయం పదింటికి కూడా వేసినదాంట్లో ఆరో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఒంట్లో ఉంటుంది.

కొత్తపట్నం_స్టీరింగ్
పసుపు మందుకి ఒప్పుకుంటున్నా. తెల్ల మందుకి మాత్రం ఒప్పుకోను.

ఫార్మసీ_మూడో_ఏడు
మేడమ్, ఇంకొకటి. బాగా లావుగా ఉన్న మనిషికి ఒక్క డోసే వేస్తే? కొవ్వు చెరువు పెద్దది కదా, త్వరగా లేవాలా, ఆలస్యంగా లేవాలా?

చెరువుగట్టు
నేను చెప్పనా? దూరపు చెరువు, సన్న కాలువ. లేచే టైముకి దాంట్లోకి చుక్క నీళ్లు కూడా చేరవు. ఒక్క డోసుకి తేడా ఉండదు. తర్వాత ఆ చెరువు వెనక్కి పోసేటప్పుడు మాత్రం రోజుల తరబడి పోస్తుంది.

నెల్లూరు_మత్తుడాక్టర్
అవును. అందుకే లావుగా ఉన్నవాళ్లకి మొత్తం బరువు చూసి మోతాదు వేయం. కొవ్వు బరువు కూడా లెక్కలో కలిపితే చిన్న చెరువులో ఎక్కువ పోసినట్టే.

చీమకుర్తి_రాయి
మావాడికి ఇదంతా చదివి వినిపించాను. 180 మి.గ్రా. దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. తాళం నా దగ్గరే ఉంది.